ఉబ్బసం ముదిరినప్పుడు మొదటి గంట



ఉబ్బసం గురించి రేడియోలో మీరు తరచుగా వింటూనే ఉంటారు. దుమ్ముకు దూరంగా ఉండమని, పంపు మానవద్దని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. ఈరోజు నేను ఆ విషయాల జోలికి పోను. ఉబ్బసం ఒక్కసారిగా ముదిరి, మనిషిని ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకొచ్చాక మొదటి గంటలో ఏం జరగాలో చెబుతాను. వినేవాళ్లలో హౌస్ సర్జన్లు, స్టాఫ్ నర్సులు, పల్లెటూరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు ఉంటారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉంటారు. మందుల మోతాదులు వైద్య సిబ్బంది కోసం చెబుతున్నాను. ప్రమాద లక్షణాలు మాత్రం అందరూ వినాలి.

ముందుగా ఒక చిన్న పని చేయండి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు చేయకండి, ఊరికే వినండి. కూర్చున్నచోటే ఛాతీ నిండా గాలి పీల్చండి. వదలకుండా దాని మీదే ఇంకాస్త పీల్చండి. ఇప్పుడు ఆ పైన మిగిలిన కొద్దిపాటి జాగాలోనే ఊపిరి ఆడించి చూడండి. అరనిమిషం గడవకముందే మెడ నరాలు బిగుస్తాయి, భుజాలు పైకి లేస్తాయి, మాట్లాడబోతే రెండు మాటల తరువాత మూడోది రాదు. ఉబ్బసం ముదిరిన మనిషి గంటల తరబడి ఇలాగే ఉంటాడు. ఊపిరి అందడం లేదని ఆయన అంటాడు కానీ, నిజానికి లోపలికి వెళ్లిన గాలి బయటికి రాకపోవడమే ఆయన బాధ. పాత గాలి లోపలే నిలిచిపోయి ఛాతీ ఉబ్బిపోతుంది. కొత్త గాలికి చోటుండదు.

గాలి ఎందుకు బయటికి రాదంటే, ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలకు ఒకేసారి మూడు ఇబ్బందులు వస్తాయి. గొట్టం చుట్టూ ఉండే కండరం బిగుసుకుంటుంది. లోపలి పొర వాస్తుంది. చిక్కటి కఫం అడ్డుపడుతుంది. కండరం బిగువు మందు తగలగానే నిమిషాల్లో సడలుతుంది. వాపు, కఫం అలా పోవు, వాటికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజులు పడుతుంది. నేను ఈరోజు చెప్పే చికిత్స అంతా ఈ తేడా మీదే నడుస్తుంది. నిమిషాల్లో పనిచేసే మందుతో మనిషిని నిలబెట్టి, గంటల్లో పనిచేసే మందు అందుకునేదాకా కాపాడుకోవాలి. కాబట్టి ఆలస్యంగా పనిచేసే మందునే తొందరగా ఇవ్వాలి. చాలాచోట్ల దీనికి తలకిందులుగా జరుగుతోంది. ముందు నెబులైజర్, అది చాలకపోతే మళ్లీ నెబులైజర్, ఇక లాభం లేదనుకున్నాక స్టెరాయిడ్. అప్పటికి రెండు గంటలు పోతాయి. ఆ రెండు గంటలు తిరిగి రావు.

ఇప్పుడు ఒక కేసు చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఎంతోమంది రోగుల్లో కనిపించే విషయాలను ఒక్కచోట చేర్చి చెబుతున్నాను.

భోగి రోజు, తెల్లవారుజామున ఐదూ నలభై. ముప్పై ఏళ్ల అమ్మాయిని మోటార్ సైకిల్ మీద, అన్న ముందూ తల్లి వెనకా పట్టుకుని తీసుకొచ్చారు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ పంపు బాగానే ఉందని దసరా నాటికే మానేసింది. రెండు రోజులుగా జలుబు. దానికి తోడు చలిగాలి, భోగి మంట పొగ. రాత్రంతా నీలం రంగు పంపు పీలుస్తూనే ఉందని తల్లి చెప్పింది. ఎన్నిసార్లని అడిగితే లెక్క లేదంది.

మంచం మీద పడుకోబెట్టబోతే ఆ అమ్మాయి వద్దని తల ఊపింది. ముందుకు వంగి, రెండు అరచేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చుంది. పేరు అడిగితే చెప్పింది. ఎప్పటి నుంచి అంటే, "రాత్రి... పది... నుంచి... సార్" అంది, మాటకొక ఊపిరి. ఒక వాక్యం ఒక్క ఊపిరిలో పూర్తి చేయలేకపోవడం తీవ్రమైన ఉబ్బసానికి గుర్తు. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు, ఇంట్లో ఎవరైనా గమనించవచ్చు. నిమిషానికి ఊపిరి 32 సార్లు, నాడి 126. పెద్దవాళ్లలో ఊపిరి 25, నాడి 110 చేరాయంటే తీవ్రంగా ఉన్నట్టే. వేలికి పెట్టిన పల్స్ ఆక్సిమీటర్ మామూలు గాలిలో 93 చూపించింది. ఛాతీ మీద స్టెత్ పెడితే రెండు వైపులా పిల్లికూతలు జోరుగా వినిపించాయి.

తరువాత పీక్ ఫ్లో మీటర్. ఒక్కసారి గట్టిగా ఊదిస్తే గాలి ఎంత వేగంగా బయటికి వస్తుందో చెప్పే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఇది. దీనికి కరెంటు అక్కర్లేదు. ఆ అమ్మాయి బాగున్నప్పటి అంకె 380 అని పాత చీటీలో ఉంది. ఇప్పుడు 150 వచ్చింది, అంటే నూటికి 39 వంతులు. ఈ అంకె 50 శాతం, అంతకు తక్కువ ఉంటే తీవ్రం. 33 శాతం కంటే తక్కువైతే ప్రాణాపాయం. బీపీ చూడకుండా గుండెపోటు రోగిని ఎవరూ వదలరు. ఉబ్బసం రోగి చేత మాత్రం ఈ గొట్టం ఊదించకుండానే చికిత్స మొదలుపెడుతున్నారు. అది ఊదించడానికి పావు నిమిషం కూడా పట్టదు. మొదట ఎంత ఉందో రాసుకోకపోతే అరగంట తరువాత మెరుగైందో లేదో చెప్పడానికి మన దగ్గర అంచనా తప్ప ఏమీ మిగలదు. అయితే ఊదే ఓపిక కూడా లేని రోగిని బలవంతం చేయవద్దు. ఊదలేకపోవడమే మనకు కావలసిన జవాబు.

చికిత్స మొదలైంది. నెబులైజర్‌లో సాల్బుటమాల్ 5 మిల్లీగ్రాములు, అంటే మన దగ్గర దొరికే 2.5 మిల్లీగ్రాముల రెస్ప్యూల్స్ రెండు. దానికి ఇప్రట్రోపియం 500 మైక్రోగ్రాములు కలిపాం. ఇవి రెండూ బిగుసుకున్న కండరాన్ని సడలించేవే, కాకపోతే వేర్వేరు దారుల్లో. సాల్బుటమాల్ నిమిషాల్లో పనిచేస్తుంది. ఇప్రట్రోపియం కాస్త నెమ్మది. తీవ్రమైన ఉబ్బసంలో రెండూ కలిపి ఇస్తే, ఒక్క సాల్బుటమాలే ఇచ్చినప్పటికంటే ఆస్పత్రిలో చేర్చాల్సిన అవసరం తగ్గుతుంది. మొదటి గంటలో ఇరవై నిమిషాలకొకసారి, మూడు విడతలు ఇలా ఇవ్వాలి. ఆ తరువాత ఇప్రట్రోపియం నాలుగు నుంచి ఆరు గంటలకోసారి చాలు.

ఇక్కడ ఒక చిన్న విషయం దగ్గరగా చూద్దాం. నెబులైజర్ మాస్కుకు గాలి ఎక్కడి నుంచి వస్తోంది? ఎలక్ట్రిక్ మెషీన్ అయితే అది గదిలోని మామూలు గాలినే కొడుతుంది. ఆక్సిజన్ తక్కువగా ఉన్న రోగికి ఆ పది నిమిషాలూ ఆక్సిజన్ మాస్కు తీసేసి నెబులైజర్ మాస్కు పెడతారు. పైగా గొట్టాలు తెరుచుకునే మొదట్లో, గాలి సరిగా ఆడని మూలలకు కూడా రక్తం వెళ్లి, ఆక్సిజన్ కాసేపు ఇంకొంచెం తగ్గవచ్చు. అందుకే తీవ్రంగా ఉన్నవాళ్లకు నెబులైజర్‌ను ఆక్సిజన్ లైనుకే తగిలించి నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు నడపాలి. అది వీలుకాని చోట ఎలక్ట్రిక్ మెషీన్ మాస్కు కిందనే ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంచాలి. ఆ అమ్మాయికి లైను మీదే నడిపాం. పెద్దవాళ్లలో ఆక్సిమీటర్ అంకె 93 నుంచి 95 మధ్య ఉంటే చాలు. గర్భిణులకు, పిల్లలకు ఇంకాస్త పైన, 94 కంటే తగ్గకుండా చూసుకోవాలి.

మొదటి నెబులైజర్ బుసకొడుతుండగానే, మధ్యలో ఒక్క నిమిషం ఆపి, ప్రెడ్నిసొలోన్ 20 మిల్లీగ్రాముల మాత్రలు రెండు నోట్లో వేసి నీళ్లు తాగించాం. అప్పటికి ఆమె వచ్చి పది నిమిషాలు. చాలామంది బంధువులకు ఇది నచ్చదు. ఇంత ఆయాసంలో మాత్రలా, ఇంజెక్షన్ ఇవ్వరా అని అడుగుతారు. ఆమె అన్న కూడా అడిగాడు. మింగగలిగి, వాంతులు లేని రోగికి నోటి ద్వారా ఇచ్చిన ప్రెడ్నిసొలోన్ నరానికి ఇచ్చిన స్టెరాయిడ్ అంత బాగానే పనిచేస్తుంది. మింగలేనివాళ్లకు, మగతలో ఉన్నవాళ్లకు హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరానికి ఇచ్చి, ఆరు గంటలకోసారి మళ్లీ ఇవ్వాలి. ఎలా ఇచ్చినా దాని ప్రభావం కనిపించడానికి నాలుగు గంటలు పట్టవచ్చు. అది కణాల్లోకి వెళ్లి, అక్కడ వాపును పుట్టించే పదార్థాల తయారీని ఆపాలి. సాల్బుటమాల్‌కు సరిగా స్పందించని కండరాన్ని మళ్లీ స్పందించేలా చేసేదీ అదే. ఆరింటికి ఇచ్చిన మాత్ర పదింటికి పనిచేస్తుంది. ఎనిమిదింటికి ఇస్తే మధ్యాహ్నం పన్నెండు. ఆ మధ్య గడిచే రెండు గంటల్లో రోగి అలసిపోతుంది. మొదటి గంట దాటకుండా ఇవ్వాలని అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఆరు గంటలకు రెండో నెబులైజర్ పెట్టాం. ఆరూ ఇరవైకి తల్లి సంతోషంగా వచ్చి, "సార్, పిల్లికూతలు తగ్గాయి, అమ్మాయి కాస్త కునుకు తీస్తోంది" అంది.

ఉబ్బసంలో నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఈ మాటకే. పిల్లికూత రావాలంటే సన్నబడిన గొట్టం గుండా గాలి కొంతైనా పోవాలి. గాలి పోవడమే ఆగిపోతే కూత కూడా ఆగిపోతుంది. రాత్రంతా నిద్రలేకుండా, ఒక్కో ఊపిరికీ పోరాడిన మనిషి తల వాల్చిందంటే, నిద్ర వచ్చిందని కాదు, ఊపిరి కండరాల శక్తి అయిపోయిందని అనుకోవాలి. స్టెత్ పెట్టి చూస్తే ఇంతకుముందు జోరుగా వినిపించిన చోట ఇప్పుడు దాదాపు ఏమీ లేదు. దీన్ని సైలెంట్ చెస్ట్ అంటారు. ఊపిరి నిమిషానికి 32 నుంచి 24కి తగ్గింది. తెలియనివాళ్లు దాన్ని కూడా మెరుగుదల కింద రాసుకుంటారు. ఆక్సిజన్ పెట్టి ఉన్నా ఆక్సిమీటర్ 91 దగ్గర ఉంది. పిలిస్తే కళ్లు తెరుస్తోంది కానీ జవాబు ఆలస్యమవుతోంది.

మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి బ్లడ్ గ్యాస్ పరీక్షకు పంపాం. కార్బన్ డయాక్సైడ్ 42 వచ్చింది. రిపోర్టు కాగితం మీద ఈ అంకె పక్కన ఏ గుర్తూ ఉండదు, ఎందుకంటే 35 నుంచి 45 మధ్య నార్మల్. ఇక్కడే కొత్త డాక్టర్లు మోసపోతారు. నిమిషానికి ముప్పైసార్లు ఊపిరి తీసే మనిషి కార్బన్ డయాక్సైడ్‌ను మామూలుకంటే ఎక్కువగా బయటికి పంపేస్తుంటుంది కాబట్టి, ఉబ్బసం మొదటి దశలో అది 35 కంటే తక్కువ ఉండాలి. అది నార్మల్‌కు చేరిందంటే మనిషి బాగుపడుతోందని కాదు, దిగజారుతూ ఆ గీత దగ్గరకు వచ్చిందని. ఇంకా పైకి పోతే వెంటిలేటర్ అవసరం దగ్గర పడినట్టే. ఆయాసపడే ఉబ్బసం రోగిలో నార్మల్ కార్బన్ డయాక్సైడ్ ప్రాణాపాయ లక్షణాల్లో ఒకటి.

మిగతావి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆక్సిమీటర్ 92 కంటే తగ్గడం, పెదవులు నీలిరంగుకు మారడం, స్టెత్‌లో శబ్దం లేకపోవడం, బీపీ పడిపోవడం, గుండె లయ తప్పడం, అలసట, కంగారు, మగత. వీటిలో ఒక్కటి ఉన్నా చాలు, మిగతావన్నీ బాగున్నా సరే, ఆ రోగి ప్రాణాపాయంలో ఉన్నట్టు లెక్క. రెండో లక్షణం వచ్చేదాకా ఎదురుచూడకూడదు. అనస్థీషియా డాక్టరును, ఐసీయూను అప్పుడే పిలవాలి. మేమూ అప్పుడే ఫోన్ చేశాం.

ఆ ఫోన్ చేస్తుండగానే మెగ్నీషియం సల్ఫేట్ మొదలైంది. దీన్ని మన నర్సులకు ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. గుర్రపువాతం వచ్చిన గర్భిణులకు లేబర్ రూములో ఇచ్చే మందే ఇది. కాబట్టి కాన్పులు జరిగే ప్రతి ఆస్పత్రిలోనూ ఉంటుంది, ఎమర్జెన్సీ బీరువాలో లేకపోతే లేబర్ రూము నుంచి తెచ్చుకోవచ్చు. కండరం బిగుసుకోవాలంటే దాని కణంలోకి కాల్షియం పోవాలి. మెగ్నీషియం ఆ కాల్షియాన్ని అడ్డుకుంటుంది, అందుకే గొట్టం సడలుతుంది. సాల్బుటమాల్ పనిచేసే దారి వేరు, దీని దారి వేరు. పైగా ఇది రక్తం గుండా వెళుతుంది. గాలే పోని గొట్టంలోకి నెబులైజర్ మందు మాత్రం ఎలా పోతుంది? సైలెంట్ చెస్ట్‌లో నరానికి ఇచ్చే మందు విలువ అక్కడ తెలుస్తుంది.

మోతాదు పెద్దవాళ్లకు 2 గ్రాములు, ఒకే ఒక్కసారి, 20 నిమిషాలలో. మన దగ్గర 50 శాతం మందు, 2 మిల్లీలీటర్ల యాంప్యూల్స్‌లో దొరుకుతుంది. ఒక్కోదానిలో 1 గ్రాము ఉంటుంది. రెండు యాంప్యూల్స్ తీసి 100 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో కలపాలి. ఇన్ఫ్యూజన్ పంపు లేనిచోట, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే మామూలు ఐవీ సెట్ అయితే నిమిషానికి దాదాపు 100 చుక్కలు పోనివ్వాలి. పలచన చేయకుండా సిరంజితో ఒక్కసారిగా నెట్టేస్తే బీపీ పడిపోతుంది. ఎక్కించేటప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్టు ఉంటుందని రోగికి ముందే చెబితే భయపడరు. ఐదు నిమిషాలకోసారి బీపీ చూడాలి. మోకాలి మీద తట్టి, కాలు కదులుతోందో లేదో చూడాలి. ఆ కదలిక పోతే మెగ్నీషియం ఎక్కువైనట్టు, వెంటనే ఆపాలి. విరుగుడుగా కాల్షియం గ్లూకొనేట్ చేతి దగ్గరే ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో మరింత జాగ్రత్త అవసరం. పిల్లలకైతే కిలోకు 40 నుంచి 50 మిల్లీగ్రాములు, 2 గ్రాములు దాటకుండా.

ఇది ఎవరికివ్వాలనే దాని మీద నా అభిప్రాయం చెబుతాను. నెబులైజర్‌తో తేరుకునే రోగికి ఇది అక్కర్లేదు. అందరికీ అలవాటుగా ఎక్కించవద్దు. మూడు విడతల నెబులైజర్, స్టెరాయిడ్ ఇచ్చి గంట గడిచినా తీవ్రత తగ్గనివాళ్లకు ఇవ్వాలి. ప్రాణాపాయ లక్షణం ఒక్కటి కనిపించినా గంట దాకా ఆగక్కర్లేదు. మేము మూడో నెబులైజర్ నడుస్తుండగానే పెట్టాం. మెగ్నీషియం అద్భుతమైన మందు అని కూడా అనను. 2013లో బ్రిటన్‌లో చేసిన ఒక పెద్ద అధ్యయనంలో నరానికి ఇచ్చిన మెగ్నీషియం లాభం పరిమితంగానే కనిపించింది, నెబులైజర్‌లో ఇచ్చినదానికైతే చెప్పుకోదగ్గ లాభమే కనిపించలేదు. అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు మాత్రం నరానికి ఒక్క మోతాదు ఇస్తే ఆస్పత్రిలో చేర్చాల్సినవాళ్ల సంఖ్య తగ్గింది. ధర తక్కువ, సరిగా ఇస్తే హాని తక్కువ. ప్రాణం మీదకు వచ్చిన రోగికి దాన్ని ఇవ్వకుండా ఆపడానికి నాకు కారణం కనిపించదు.

ఆరూ నలభైఐదుకు మెగ్నీషియం అయిపోయింది. ఇంకో ఐదు నిమిషాలకు పిల్లికూతలు మళ్లీ మొదలయ్యాయి. తల్లి కంగారుగా చూసింది. ఈసారి మేము ఊపిరి పీల్చుకున్నాం. గాలి కదులుతోందన్న కబురు అది. ఏడూ నలభైకి పీక్ ఫ్లో 190, సరిగ్గా సగం. పదింటికి, అంటే స్టెరాయిడ్ పడిన నాలుగు గంటలకు, 250. వెంటిలేటర్ అవసరం రాలేదు. అయినా ఇంటికి పంపలేదు, ఐసీయూలోనే ఉంచాం. ప్రాణాపాయ లక్షణం కనిపించిన రోగిని ఆ పూటే ఇంటికి పంపకూడదు.

మధ్యాహ్నం రక్తపరీక్షలో పొటాషియం 3.1కి తగ్గింది. సాల్బుటమాల్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది, స్టెరాయిడ్ కూడా దానికి తోడవుతుంది. చూసుకోకపోతే గుండె లయ తప్పవచ్చు కాబట్టి సరిచేశాం. చేతులు వణకడం, గుండె దడ కూడా సాల్బుటమాల్ వల్లే. దడ వస్తోందని మొదటి గంటలో నెబులైజర్ ఆపేయడం తప్పు. కానీ నాలుగైదు గంటల తరువాత, పిల్లికూతలు పోయి గాలి బాగా ఆడుతున్నా ఊపిరి వేగం మాత్రం తగ్గకపోతే, సాల్బుటమాల్ ఎక్కువై రక్తంలో లాక్టేట్ పెరిగిందేమో చూడాలి. అప్పుడు ఇంకా నెబులైజర్ పెట్టడం వల్ల ఆయాసం పెరుగుతుంది.

ఇక చేయకూడనివి. మన ఊళ్లలో ఆయాసం అనగానే డెరిఫిలిన్, డెక్సా కలిపి ఇంజెక్షన్ ఇచ్చేయడం అలవాటు. ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఆ సూది వేయించుకుని, కాస్త తేలికైనట్టుందని ఇంటికెళ్లి, రెండు గంటల తరువాత ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లున్నారు. డెరిఫిలిన్ థియోఫిలిన్ జాతి మందు. సాల్బుటమాల్, ఇప్రట్రోపియం సరిగా ఇచ్చినప్పుడు దానివల్ల అదనంగా వచ్చే లాభం దాదాపు లేదు. వాంతులు, గుండె లయ తప్పడం, ఫిట్స్ మాత్రం వస్తాయి. ఇంట్లో అదే జాతి మాత్రలు వేసుకునేవాళ్లకైతే ఇంకా ప్రమాదం. మరొకటి నిద్రమందు. ఊపిరాడని మనిషి అల్లాడుతుంది, మాస్కు పీకేస్తుంది, మంచం దిగబోతుంది. అది భయం వల్లనో మొండితనం వల్లనో కాదు, మెదడుకు ఆక్సిజన్ అందక. ఆ స్థితిలో శాంతపరచడానికి ఇచ్చిన నిద్ర ఇంజెక్షన్ ఊపిరినే ఆపేయగలదు. వెంటిలేటర్ మీద పెట్టేందుకు గొట్టం వేసే సమయంలో తప్ప దాని జోలికి పోకూడదు. యాంటీబయాటిక్స్ కూడా అందరికీ అక్కర్లేదు. ఎక్స్‌రే అయితే తీవ్రంగా ఉన్నవాళ్లకు, చికిత్సకు లొంగనివాళ్లకు తీయాలి. ఊపిరితిత్తి చిల్లుపడి గాలి బయటికి వచ్చిందేమో చూడాలి కదా.

నెబులైజరే లేని చోటు సంగతి? కరెంటు పోయిన పీహెచ్‌సీ, పొలం మధ్య ఇల్లు, రైల్లో బోగీ. నీలం పంపు, స్పేసర్ ఉంటే చాలు. ఇరవై నిమిషాలకోసారి 4 నుంచి 10 పఫ్‌లు, ఒక్కో పఫ్ విడిగా కొట్టి, స్పేసర్ గుండా నాలుగైదు ఊపిర్లు తీయించాలి. పదీ ఒకేసారి కొడితే మందు గోడలకే అంటుకుంటుంది. స్పేసర్ కూడా లేకపోతే, అర లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసా తీసుకుని, అడుగున పంపు మూతి బిగువుగా పట్టేంత చిల్లు చేసి, సీసా మూతి నోట్లో పెట్టుకోవచ్చు. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, సందులు లేకుండా బిగించిన ఇలాంటి సీసా మామూలు స్పేసర్‌కు దీటుగా పనిచేసింది. ఇది 108 వచ్చేలోగా చేసే పని. ఇది చేస్తున్నాం కదా అని 108కి ఫోన్ చేయడం మానకూడదు. 2014లో బ్రిటన్‌లో ఉబ్బసం మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించినప్పుడు, 195 మందిలో 87 మంది వైద్య సాయం కోరకుండానో, అత్యవసర చికిత్స అందకముందేనో చనిపోయారని తేలింది. అంబులెన్స్ నిమిషాల్లో వచ్చే దేశంలోనే ఇలా జరిగింది.

చివరగా, ఇంటికి పంపే రోజు గురించి. మూడో రోజు ఆ అమ్మాయి పీక్ ఫ్లో 310 దాటింది. ప్రెడ్నిసొలోన్ మొత్తం కనీసం ఐదు రోజులు వాడాలి. తేలిగ్గా ఉందని రెండో రోజే ఆపేస్తే వాపు మళ్లీ వస్తుంది. ఇంత తక్కువ రోజుల కోర్సును మెల్లమెల్లగా తగ్గించనక్కర్లేదు. రోజూ వాడే స్టెరాయిడ్ పంపును ఆస్పత్రిలో ఉండగానే మళ్లీ మొదలుపెట్టాలి. పంపు పీల్చడం నోటితో చెప్పి వదిలేయకుండా, రోగి చేత చేయించి చూడాలి. ఆ అమ్మాయి ఇన్నేళ్లుగా పంపు ఊపకుండానే కొడుతోందని, పీల్చాక ఊపిరి బిగబట్టడం లేదని అప్పుడే బయటపడింది.

డాక్టర్లకు, సిస్టర్లకు నాదొక మనవి. మీ ఎమర్జెన్సీలో పీక్ ఫ్లో మీటర్ ఉందో లేదో, రెండు యాంప్యూల్స్ మెగ్నీషియం ఎక్కడ ఉన్నాయో ఈరోజే చూసుకోండి. ఉబ్బసం ఉన్న శ్రోతలకు, వాళ్ల ఇంటివాళ్లకు చెప్పేది ఇంకొకటి. నీలం పంపు కొట్టినా మాట మధ్యలో తెగుతుంటే, లేదా పంపు ఇచ్చిన తేలిక నాలుగు గంటలు కూడా నిలవకపోతే, తెల్లారాక చూద్దామని ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు ఐదు రోజుల మాత్రలు, రోజువారీ స్టెరాయిడ్ పంపు, వారంలోపు మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ, ఈ మూడూ చేతిలో లేకుండా గుమ్మం దాటకండి.